దాదాపు అందరికీ ఐదుకు ఐదు వచ్చాయి, అయినా 0.45 పెద్దదన్నారు

ప్రశ్న: మేడం, సోమవారం ఆరో తరగతి బి సెక్షన్‌లో నేను చెప్పిన దశాంశాల పోలిక పాఠాన్ని మీరు వెనక బెంచీలో కూర్చుని చూశారు. పీరియడ్ చివర నేనిచ్చిన ఐదు లెక్కలూ ఇద్దరు తప్ప అందరూ సరిగ్గా చేశారు. చాలా సంతోషించాను. మర్నాడు క్లాస్ టీచర్ పెట్టిన స్లిప్ టెస్టులో 0.45, 0.8లలో ఏది పెద్దదని అడిగితే సగం మందికి పైగా 0.45 అని రాశారు. ఒక్క రాత్రిలో ఎలా మర్చిపోయారు? లెసన్ ప్లాన్, పిల్లల కాగితాలు జతచేస్తున్నాను. ఏది బాగుందో, ఏది లోపమో దాచకుండా రాయండి. వచ్చే వారం ఎ సెక్షన్‌కి ఇదే పాఠం చెప్పాలి.
— బీఎడ్ ట్రైనీ, బెంగళూరు

జవాబు:

అమ్మా, ఆ రోజు వెనక బెంచీలో రాసుకున్న నోట్సు పక్కన పెట్టుకుని నీ ప్లాన్ మళ్లీ మొదటినుంచి చదివాను. ముందు నీ ప్లాన్‌లో మార్చకూడనివి చెప్తాను. స్లిప్ టెస్టు చూసిన కంగారులో వాటిని కూడా తీసేస్తావేమోనని నా భయం.

మొదటిది, నువ్వు రాసుకున్న లక్ష్యం. 'విద్యార్థులు దశాంశాలను అవగాహన చేసుకుంటారు' అని రాసి ఊరుకునే ప్లాన్లు నా దగ్గరికి చాలా వస్తాయి. అవగాహన అయిందో లేదో ఎవరికీ కనబడదు. నువ్వు 'రెండు దశాంశ స్థానాల వరకు ఉన్న సంఖ్యలను పోల్చి, ఏది పెద్దదో కారణంతో చెప్తారు' అని రాశావు. ఒకే పని, అది కూడా పిల్లలు చేస్తే మనకు తెలిసే పని. 'కారణంతో' అన్న ఆ ఒక్క మాట కొట్టేయకు. మిగతా ప్లాన్ అంతా ఆ మాటకు తగ్గట్టు మారాలని చెప్పడానికే ఈ ఉత్తరం.

రెండోది, వంద గళ్ల కాగితం. ఒక్కొక్కరికీ విడిగా ఇచ్చావు, బోర్డు మీద నువ్వొక్కదానివే రంగు వేసి చూపించలేదు. నిలువు వరుస ఒకటి పదో వంతు, ఒక గడి నూరో వంతు అని ముందే వాళ్లచేత అనిపించావు. కిటికీ పక్క పాప 0.30కి రంగు వేయడం నేను దగ్గరగా చూశాను. ముప్ఫై గళ్లూ ఒక్కొక్కటే లెక్కపెడుతూ నింపింది. మూడో వరుస చివరి గడి దగ్గర పెన్సిల్ ఆపింది. పక్కమ్మాయి 0.3 కోసం మూడు వరుసలు ఒకేసారి గీసిన కాగితం వైపు చూసి, 'ఎరడూ ఒందే', అంటే రెండూ ఒకటేనని కన్నడంలో అంది, ఎవరూ అడక్కుండానే. దశాంశాల్లో పిల్లలకు తెలియాల్సిన అసలు సంగతి అదే. అది నీ పాఠంలో జరిగింది.

ఇప్పుడు స్లిప్ టెస్టు సంగతి. ఒక్క రాత్రిలో ఎవరూ ఏమీ మర్చిపోలేదు. సోమవారం సాయంత్రానికి కూడా వాళ్లకు రాలేదు. నీ ఐదు లెక్కలు ఆ సంగతి నీకు తెలియనివ్వలేదు, అంతే.

వాటిని మళ్లీ ఒకసారి చూడు. 0.75, 0.3. తర్వాత 0.62, 0.48. తర్వాత 1.9, 1.4. తర్వాత 0.25, 0.1. చివరిది 3.56, 2.8. ఇప్పుడు దశాంశ స్థానాలంటే ఏమీ తెలియని పిల్లవాడు ఒకడున్నాడనుకో. వాడికి తెలిసిందల్లా మామూలు సంఖ్యలే. పాయింటు తర్వాత ఉన్నదాన్ని కూడా మామూలు సంఖ్యలాగే చదువుతాడు. 75 పెద్దదా, 3 పెద్దదా? 75. రైటు. 62, 48? 62. రైటు. 9, 4? రైటు. 25, 1? రైటు. చివరిదానిలో పాయింటు ముందే 3, 2 ఉన్నాయి కాబట్టి వెనకవైపు చూడాల్సిన పని కూడా లేదు. వాడి పద్ధతి పూర్తిగా తప్పు, వాడికి వచ్చినవి ఐదుకు ఐదు. మర్నాడు 0.45, 0.8 ఇచ్చేసరికి అదే పద్ధతిలో 45, 8 పోల్చాడు. ఈసారి జవాబు తప్పింది. వాడు మారలేదమ్మా, లెక్క మారింది.

అందుకే తప్పు ఆలోచనతో కూడా సరైన జవాబు వచ్చే లెక్కను మూల్యాంకనంలో ఒంటరిగా పెట్టకూడదు. నీ ప్లాన్‌లోని పెద్ద లోపం ఇదొక్కటే. మిగతావి దీని చుట్టూ ఉన్నవే.

నువ్వు పంపిన కాగితాల్లో తప్పులు చేసిన ఆ ఇద్దరివీ ప్రత్యేకంగా చూశాను. ఇద్దరూ మొదటి లెక్క, నాలుగో లెక్క తప్పారు. పక్కన ఎర్ర ఇంకుతో 'ఏమరుపాటు' అని రాశావు. ఏమరుపాటయితే ఇద్దరికీ అవే రెండు లెక్కలు తప్పవు. ఆ రెండింటికీ ఉన్న పోలిక చూడు: 0.75, 0.3 అయినా, 0.25, 0.1 అయినా ఒక సంఖ్యకు పాయింటు తర్వాత రెండు అంకెలు, ఇంకోదానికి ఒకటే, పాయింటు ముందు రెండింటికీ సున్నాయే. ఇద్దరూ అంకెలు తక్కువున్నదాన్నే పెద్దది అన్నారు. వీళ్లు నీ పాఠం విన్నవాళ్లే. నూరో వంతు పదో వంతు కన్నా చిన్నదని కాగితం మీద చూశారు. దాంతో నూరో వంతులున్న సంఖ్య ఏదైనా చిన్నదేనని తేల్చేసుకున్నారు. ముక్క చిన్నదే, కానీ అలాంటి ముక్కలు 75 ఉన్నాయన్నది వాళ్ల లెక్కలోకి రాలేదు.

వాళ్ల స్లిప్ టెస్టు కాగితాలు తీసి చూడు. 0.45, 0.8లలో ఇద్దరూ 0.8 అనే రాసి ఉంటారని నా అంచనా. అంటే సోమవారం తప్పినవాళ్లు మంగళవారం నేర్చుకున్నట్టు కనబడతారు, సోమవారం వచ్చినవాళ్లు మంగళవారం మర్చిపోయినట్టు కనబడతారు. నిజానికి రెండు గుంపుల్లోనూ ఎవరి ఆలోచనా ఒక్క అంగుళం కదల్లేదు.

ఇవి మన బెంగళూరు పిల్లలకే వచ్చిన ఆలోచనలు కావు. మెల్‌బోర్న్ విశ్వవిద్యాలయంలో కే స్టేసీ, విక్కీ స్టైన్లే అనే ఇద్దరు గణిత విద్యా పరిశోధకులు పిల్లలు దశాంశాలను ఎలా పోలుస్తారన్నదాని మీద చాలాకాలం పనిచేశారు. కేవలం జతలిచ్చి పెద్దది గుర్తుపెట్టమనే చిన్న పరీక్ష తయారుచేశారు. ఎన్ని తప్పులు అని కాక, ఏ రకం జతలో తప్పులు అని చూస్తే పిల్లల తలలో ఏముందో తెలుస్తుందన్నది ఆ పరీక్ష కిటుకు. మనం చేయాల్సింది దాని చిన్న రూపమే.

ఎ సెక్షన్‌కి ఈ ఐదు జతలు పెట్టు: 0.45, 0.8. 0.75, 0.3. 0.6, 0.60. 0.37, 0.6. 0.52, 0.4. ప్రతిదాని పక్కన 'మొదటిది పెద్దది, రెండోది పెద్దది, రెండూ సమానం' అని మూడు అవకాశాలు ఉండాలి. సమానం అన్న అవకాశం లేకపోతే మూడో జతకు విలువే ఉండదు.

మొదటిది, నాలుగోది తప్పి, రెండోది, ఐదోది సరిగ్గా చేసినవాళ్లు పాయింటు తర్వాత ఉన్నదాన్ని మామూలు సంఖ్యగా చదువుతున్నారు. సరిగ్గా దీనికి తిరగబడితే, అంటే రెండోది, ఐదోది తప్పితే, వాళ్లు అంకెలు ఎక్కువుంటే చిన్నదనుకునే గుంపు. మూడో జత ఈ రెండు గుంపులకూ తప్పుతుంది, కాకపోతే చెరో వైపు: మొదటి గుంపు 0.60 అంటుంది, రెండో గుంపు 0.6 అంటుంది. ఒక్కో రకానికి రెండేసి జతలు ఎందుకంటే ఒక్కటే ఇస్తే ఊహించి రాసినా కలిసిరావచ్చు. రెండూ ఒకే వైపు తప్పితే అప్పుడు నమ్మొచ్చు.

నీ పాత జత 0.75, 0.3ని తీసేయలేదని గమనించు. దాని పక్కన 0.45, 0.8 లేకపోవడమే లోపం.

ఐదు జతల కింద ఒక్క గీత వదిలి, 'మొదటి లెక్కలో జవాబు నీకెలా తెలిసింది?' అని అడుగు. ఒక్క వాక్యం చాలు. లక్ష్యంలో 'కారణంతో' అని నువ్వే రాశావు, మూల్యాంకనంలో కారణం అడగనే లేదు. లక్ష్యం, మూల్యాంకనం పక్కపక్కన పెట్టి చదివితే ఈ తేడా నీకే కనబడేది. ఇకనుంచి ఏ ప్లాన్ రాసినా లక్ష్యం రాయగానే నేరుగా చివరి పేజీకి వెళ్లి మూల్యాంకనం రాయి, మధ్యలో కృత్యాలు ఆ తర్వాత నింపుకో.

ఇక ప్లాన్‌లో విద్యార్థి కృత్యం కాలమ్. ఉపాధ్యాయ కృత్యం కాలమ్ నిండా నీ ప్రశ్నలు ఎంతో శ్రద్ధగా, మాట మాటా రాసుకున్నావు. దాని పక్క కాలమ్‌లో ఏడు చోట్ల 'విద్యార్థులు సరైన సమాధానం చెప్తారు' అని ఉంది. ఈ వాక్యం వల్ల ఏమయిందో చెప్తాను. నువ్వు బోర్డు మీద 0.7, 0.52 రాసి అడిగినప్పుడు మూడో బెంచీలో చివర కూర్చున్న అబ్బాయి లేచి, 'పాయింట్ ఫిఫ్టీ టూ మిస్, ఫిఫ్టీ టూ ఈజ్ బిగ్' అన్నాడు. నువ్వు నవ్వుతూ, 'లేదు, ఇంకెవరు చెప్తారు?' అన్నావు. ముందు బెంచీ అమ్మాయి 0.7 అంది. 'వెరీ గుడ్' అని తర్వాతి లెక్కకు వెళ్లిపోయావు. ఆ క్లాసులో సగం మంది ఆలోచన ఆ అబ్బాయి నోటివెంట వచ్చింది, మనకు చేతికి అందింది, పది సెకన్లలో జారిపోయింది. ఆ అమ్మాయికి జవాబు ఎలా తెలిసిందో కూడా మనం అడగలేదు.

ప్లాన్‌లో ఆ జవాబు ముందే రాసి ఉంటే నువ్వు తడబడేదానివి కాదు. ఎ సెక్షన్ ప్లాన్‌లో ఆ కాలమ్‌లో ఇలా రాయి: 'కొందరు 0.52 అంటారు, 52 పెద్దది కాబట్టి. కొందరు 0.7 అంటారు, ఒక్క అంకే ఉంది కాబట్టి. కొందరు 0.7 అంటారు, ఏడు పదో వంతులు ఐదు పదో వంతులకన్నా ఎక్కువ కాబట్టి.' ఈ మూడింటికీ నువ్వు అడగబోయే తర్వాతి ప్రశ్న పక్క కాలమ్‌లో ఉండాలి. మొదటివాడికి: 'ఏడు వరుసలు రంగు వేసి, పక్కన యాభై రెండు గళ్లు వేసి చూపించు.' రెండోవాడికి: 'అయితే 0.3, 0.75లలో?' మూడోవాడికి: 'మరి 0.7, 0.70 అయితే?' తప్పు జవాబు వచ్చినప్పుడు తప్పని గానీ రైటని గానీ అనకుండా మూడు రకాల జవాబులూ బోర్డు మీద రాసి, చేతులెత్తించి, అప్పుడు గళ్ల కాగితం తీయించు. ముందు ఒక మాట అనేసి తర్వాత తన చేత్తో తనే రంగు వేస్తే, కాగితం వేరే మాట చెప్పినప్పుడు పిల్లవాడు ఆగి ఆలోచిస్తాడు. రంగు ముందే వేయించేస్తే వాడికి అందులో తేల్చుకోవాల్సింది ఏమీ ఉండదు.

దర్శిని హోటల్ మెనూతో పాఠం మొదలుపెట్టావు. ఇడ్లీ, వడ, కాఫీ ధరలు రాయగానే క్లాసంతా ఉత్సాహంగా లేచిందన్నది నిజమే. కానీ 12.50, 12.75 లాంటి ధరలతో దశాంశాల పోలిక నేర్పడం కష్టం. డబ్బు రాసినప్పుడు పాయింటు తర్వాత ఎప్పుడూ రెండంకెలే ఉంటాయి. అంకెలు సమానంగా ఉంటే 50, 75 అని మామూలు సంఖ్యల్లా పోల్చినా జవాబు వచ్చేస్తుంది. అంటే మొదటి ఎనిమిది నిమిషాలూ పిల్లల పాత అలవాటునే గట్టిచేశాం. పైగా ఈ పిల్లలు పైసలు చేత్తో పట్టుకున్నవాళ్లు కాదు. వాళ్ల లెక్కలో పాయింటుకు అటు ఒక సంఖ్య, ఇటు ఒక సంఖ్య, మధ్యలో ఒక చుక్క. ఇటువైపున్నది రూపాయిని నూరు ముక్కలు చేయగా వచ్చిందన్న ఊహ ఆ మెనూ వల్ల రాదు.

దానికి బదులు పొడవులు తీసుకో. కుట్టుపని చేసేవాళ్ల టేపు ఒకటి, రిబ్బన్ ముక్కలు రెండు చాలు. ఒకటి 0.8 మీటరు, ఇంకోటి 0.45 మీటరు. వాటిని ఇంటి దగ్గరే కత్తిరించి, చుట్టి, సంచిలో పెట్టుకో. బోర్డు మీద సంఖ్యలు మాత్రం రాసి, ఏది పొడవని ముందు చీటీలో రాయించు. ఆ తర్వాత ఇద్దరు పిల్లల్ని పిలిచి రిబ్బన్లు విప్పించు. టేపు పక్కన పెడితే ఒకటి 80 సెంటీమీటర్ల దగ్గర, ఒకటి 45 దగ్గర ఆగుతుంది. 0.8 అంటే పదేసి సెంటీమీటర్ల ముక్కలు ఎనిమిదని టేపు మీదే చూపించొచ్చు. ఐదు నిమిషాల్లో అయిపోతుంది. దర్శిని మెనూ ఎక్కడికీ పోదు, దశాంశాల కూడిక పాఠంలో బిల్లు వేయించడానికి చక్కగా పనికొస్తుంది.

ఇంకా వీలైతే హాప్‌కామ్స్ కూరగాయల దుకాణంలో తూకం యంత్రం చూసిరమ్మని ఇంటిపనిగా చెప్పు. కిలోల్లో మూడు దశాంశ స్థానాలు చూపించే యంత్రమైతే అరకిలో బీన్స్ పెట్టినప్పుడు 0.500 కనబడుతుంది. చివరి రెండు సున్నాలు ఎందుకున్నాయో మర్నాడు అడుగు. డబ్బులాగా రెండంకెల దాకే ఆలోచించే పిల్లలు నీ ఐదు జతల్లోనూ దొరకరు, ఎందుకంటే 0.8ని ఎనభై పైసలనుకుంటే అన్నీ సరిగ్గానే వస్తాయి. వాళ్లు 2.45, 2.453 లాంటి జత వచ్చినప్పుడు మూడో అంకెను వదిలేసి సమానమంటారు. అది నీ ఈ పాఠం లక్ష్యంలో లేదు కాబట్టి ఇప్పుడు దాని జోలికి పోనక్కర్లేదు. వచ్చే పాఠానికి గుర్తుంచుకో.

చివర్లో చెప్పిన సూత్రం, 'సున్నా చేర్చి అంకెలు సమానం చేసి పోల్చండి' అన్నది. సూత్రం సరైనదే. ప్లాన్‌లో దానికి ఐదు నిమిషాలు కేటాయించావు, గంట కొట్టేస్తారని రెండు నిమిషాల్లో చెప్పేశావు. అప్పటికి గళ్ల కాగితాలు పుస్తకాల్లోకి వెళ్లిపోయాయి. దాంతో పిల్లలకు అది పాఠంతో సంబంధం లేని ఇంకో కొత్త నియమంలా వినబడింది. వెనక బెంచీలో నా పక్కనున్న పిల్లవాడు నోట్సులో 0.8ని 0.08 అని రాసుకున్నాడు. సున్నా చేర్చమన్నారు, చేర్చాడు. ఎక్కడ చేర్చాలో ఎందుకు చేర్చాలో తెలియకపోతే ఇలాగే అవుతుంది.

కిటికీ పక్క పాప 'ఎరడూ ఒందే' అన్న క్షణమే ఆ సూత్రం చెప్పాల్సిన చోటు. మూడు వరుసలు అన్నా ముప్ఫై గళ్లు అన్నా రంగు ఒకటే, అందుకే 0.3 పక్కన సున్నా పెట్టొచ్చు. అలాగే ఎనిమిది వరుసలంటే ఎనభై గళ్లు, కాబట్టి 0.8ని 0.80 అనొచ్చు, ఇప్పుడు 45 గళ్లతో పోల్చొచ్చు. నియమం నువ్వు చెప్పకు, ఇంకో రెండు సంఖ్యలు ఇచ్చి వాళ్లచేతే చెప్పించు. మెనూకు పోయిన ఎనిమిది నిమిషాల్లో రిబ్బన్లకు ఐదు పోగా మిగిలిన సమయం ఇక్కడికి తెచ్చుకో. బోర్డు మీద చేయించిన లెక్కలు కూడా సగం చేయి. కాగితాలు పంచడానికి, తిరిగి తీసుకోవడానికి ప్లాన్‌లో నిమిషం కూడా లేదు, 40 నిమిషాల పీరియడ్‌లో దానికి మూడు నాలుగు నిమిషాలు పోతాయి. అది రాసుకోకపోతే కోత పడేది చివరి భాగానికే.

ఇంకో చిన్న సంగతి. ఆ రోజంతా నువ్వూ పిల్లలూ 0.45ను 'పాయింట్ ఫార్టీ ఫైవ్' అనే చదివారు. అలా చదివితే 45 మామూలు సంఖ్యలాగే చెవిన పడుతుంది. పాఠం జరుగుతున్నంతసేపూ 'పాయింట్ ఫోర్ ఫైవ్' అనిపించు, మధ్యమధ్యలో 'నాలుగు పదో వంతులు, ఐదు నూరో వంతులు' అని కూడా.

బి సెక్షన్‌కి పాఠం మొత్తం మళ్లీ చెప్పొద్దు. క్లాస్ టీచర్‌ని అడిగి పదిహేను నిమిషాలు తీసుకో. స్లిప్ టెస్టు కాగితాలు తిరిగిస్తూ మార్కుల సంగతి ఎత్తకుండా, 0.45 అన్నవాళ్లు ఒకరు, 0.8 అన్నవాళ్లు ఒకరు బోర్డు దగ్గరికి వచ్చి తమ కారణం చెప్పమను. తర్వాత గళ్ల కాగితం మీద రెండూ రంగు వేయించు. సోమవారం తప్పులు చేసిన ఆ ఇద్దరినీ మాత్రం విడిగా కూర్చోబెట్టి 0.75, 0.3 వేయించు, 0.45, 0.8 వాళ్లకు అక్కర్లేదు. ఆఖర్న కొత్త జతలు నాలుగు ఇచ్చి చూడు, పాతవే ఇస్తే జవాబులు గుర్తుపెట్టుకుని రాస్తారు.

శనివారం లంచ్ బెల్ తర్వాత నేను స్టాఫ్‌రూమ్‌లోనే ఉంటాను. ఎ సెక్షన్ ప్లాన్ అప్పటికి మొత్తం పూర్తికాకపోయినా పర్వాలేదు, మూల్యాంకనం పేజీ, విద్యార్థి కృత్యం కాలమ్ నింపి తీసుకురా. బి సెక్షన్ కొత్త కాగితాలు కూడా తీసుకురా, ఎవరు ఏ గుంపులో ఉన్నారో ఇద్దరం కలిసి విడదీద్దాం.